అక్కడ గడియారం మారితే ఇక్కడ ఫ్లైట్ టైమ్ ఎందుకు మారుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు నుంచి పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళు మా టికెట్ కౌంటర్‌లో అడిగే ప్రశ్నలివి. ఇక్కడి నుంచి ప్రయాణం ఎక్కువగా ఒకే తీరుగా ఉంటుంది. రైల్లోనో కారులోనో విశాఖ, అక్కడి నుంచి హైదరాబాద్, ఆ తర్వాత గల్ఫ్ మీదుగానో యూరప్ మీదుగానో కొడుకో కూతురో ఉన్న ఊరు. ఇండియాలో గడియారం ఏడాది పొడవునా కదలదు. దుబాయ్, దోహా, సింగపూర్‌లలో కూడా అంతే. చివరన ఉన్న లండన్, షికాగో మాత్రం ఏడాదికి రెండుసార్లు గంట అటూ ఇటూ జరుగుతాయి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

టికెట్ మీద రాసిన టైమ్ ఏ దేశానిది?

ఏ ఊరి పేరు పక్కన ఉంటే ఆ ఊరిది, అది కూడా ఆ రోజున అక్కడ నడిచే గడియారం ప్రకారం. హైదరాబాద్ పక్కన 04:00 అని ఉంటే మన టైమ్, లండన్ పక్కన 12:00 అని ఉంటే లండన్ టైమ్. గడియారం మారిన తర్వాతి తేదీకి కొన్న టికెట్‌లో ఆ మార్పు ముందే కలిసి ఉంటుంది. కాబట్టి మీరు ఇంకో గంట కలపడం, తీసేయడం లాంటివి చెయ్యకండి. "అక్కడ టైమ్ మారుతుందట కదా, గంట ముందే వెళ్తాం" అంటూ ఎయిర్‌పోర్టుకి బయల్దేరేవాళ్ళున్నారు. ముందే వెళ్తే నష్టం లేదు. అదే లెక్క తిరగేసి గంట ఆలస్యంగా వెళ్తేనే ప్రమాదం.

గడియారం ఎప్పుడెప్పుడు మారుతుంది?

బ్రిటన్‌లో, యూరోపియన్ యూనియన్ దేశాల్లో మార్చి చివరి ఆదివారం గంట ముందుకు, అక్టోబరు చివరి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు. యూరప్ అంతా ఒకే క్షణంలో మారుతుంది. మన టైమ్‌లో అది ఉదయం 6:30. అమెరికాలో మార్చి రెండో ఆదివారం ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి. అక్కడ మాత్రం ఏ ప్రాంతానికి ఆ ప్రాంతం తన తెల్లవారుజాము 2 గంటలకు మార్చుకుంటుంది.

ఇప్పుడున్న నియమం ప్రకారం 2027లో అమెరికాలో మార్చి 14, నవంబరు 7. యూరప్‌లో మార్చి 28, అక్టోబరు 31.

మన టైమ్‌తో తేడా ఇలా గుర్తుపెట్టుకోండి. లండన్ చలికాలంలో మనకంటే ఐదున్నర గంటలు వెనక, ఎండాకాలంలో నాలుగున్నర. షికాగో, డాలస్ చలికాలంలో పదకొండున్నర, ఎండాకాలంలో పదిన్నర. దుబాయ్ ఎప్పుడైనా గంటన్నరే.

గడియారం మారేది లండన్‌లో కదా, హైదరాబాద్‌లో ఫ్లైట్ గంట ముందే బయల్దేరడమేంటి?

ఎక్కువమంది అడిగేది, తక్కువమందికి సరిగ్గా జవాబు దొరికేది ఈ ప్రశ్నే.

లండన్ హీత్రో లాంటి రద్దీ ఎయిర్‌పోర్టుల్లో ఏ విమానం ఎప్పుడు దిగాలో, ఎప్పుడు ఎగరాలో ముందే కేటాయిస్తారు. దాన్ని స్లాట్ అంటారు. విమానయానంలో ఏడాది రెండు సీజన్లు: మార్చి చివరి ఆదివారం నుంచి సమ్మర్, అక్టోబరు చివరి ఆదివారం నుంచి వింటర్. అంటే యూరప్ గడియారం మారే రోజే సీజన్ కూడా మారుతుంది. చలికాలంలో మధ్యాహ్నం 12 గంటలకు దిగే విమానం ఎండాకాలంలో కూడా 12కే దిగాలని ఎయిర్‌లైన్ అనుకుంటుంది. దిగిన తర్వాత ఎక్కాల్సిన వేరే ఫ్లైట్లు, సిబ్బంది డ్యూటీలు అన్నీ ఆ ఊరి గడియారం మీదే నడుస్తాయి.

కానీ ఎండాకాలపు లండన్ 12 గంటలు మనకి సాయంత్రం 4:30. చలికాలపు 12 గంటలైతే 5:30. విమానం ఎగిరే సమయం మారదు. అక్కడ గంట ముందు దిగాలంటే ఇక్కడ గంట ముందు ఎగరాల్సిందే. లండన్ గడియారం మారకుండా కనబడటానికి మన వైపు టైమ్ జరుగుతుందన్నమాట.

అన్ని ఎయిర్‌లైన్లూ ఇలాగే చేయవు. కొన్ని ఇండియా వైపు టైమ్ కదపకుండా, లండన్‌లో గంట తర్వాత దిగుతాయి. అప్పుడు మీకు ఇబ్బంది లేదు, ఎయిర్‌పోర్టుకి వచ్చే అల్లుడుగారికి మాత్రం చెప్పాలి. మీ ఫ్లైట్ ఏ రకమో ఊహించకండి, టికెట్‌లో చూడండి.

ఒక ఉదాహరణ వేసి చెప్తారా?

ఇవి లెక్క కోసం వేసుకున్న టైమ్‌లు, ఫలానా ఎయిర్‌లైన్‌వి కావు. రాయగడ నుంచి భార్యాభర్తలు లండన్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తున్నారనుకోండి. మార్చి 27 శనివారం పొద్దున్న రైలెక్కి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా విశాఖ చేరతారు. విశాఖ–హైదరాబాద్ ఫ్లైట్ విడి టికెట్, రాత్రి 11:15కి శంషాబాద్‌లో దిగుతుంది. అక్కడి నుంచి దుబాయ్ మీదుగా లండన్ వేరే టికెట్.

చలికాలపు షెడ్యూల్ ఇది. హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4:00కి ఎగిరి, నాలుగు గంటల ప్రయాణం తర్వాత దుబాయ్‌లో 6:30. అక్కడ 8:30కి మళ్ళీ ఎక్కితే లండన్‌లో మధ్యాహ్నం 12:00. దుబాయ్‌లో గ్యాప్ రెండు గంటలు. శంషాబాద్‌లో గ్యాప్ నాలుగు గంటల నలభై ఐదు నిమిషాలు. ఫర్వాలేదు.

మార్చి 28 నుంచి లండన్ 12:00 అలాగే ఉండాలని దుబాయ్–లండన్ ఫ్లైట్‌ని 7:30కి జరిపారు. దుబాయ్‌లో మన ఫ్లైట్ 6:30కే దిగితే గ్యాప్ గంటే మిగులుతుంది. దిగి, సెక్యూరిటీ దాటి, ఇంకో గేటుకి వెళ్ళి, తలుపు మూసేలోపు ఎక్కడానికి అది చాలదు. అందుకని ఎయిర్‌లైన్ హైదరాబాద్ ఫ్లైట్‌ని కూడా 3:00కి జరిపింది. దుబాయ్ గ్యాప్ మళ్ళీ రెండు గంటలైంది. ఎయిర్‌లైన్ తన టికెట్ వరకు సరిచేసుకుంది.

కానీ విశాఖ ఫ్లైట్ సంగతి దానికి తెలియదు, ఎందుకంటే అది వేరే టికెట్. శంషాబాద్ గ్యాప్ ఇప్పుడు 3:45. అందులో మీ చేతికి వచ్చేది ఇంకా తక్కువ. అంతర్జాతీయ చెకిన్ కౌంటర్ మామూలుగా ఫ్లైట్‌కి గంట ముందు మూసేస్తారు. అంటే 2:00 లోపు బ్యాగులు అప్పజెప్పాలి. విశాఖ ఫ్లైట్ గంటన్నర లేటైందనుకోండి, 12:45కి దిగుతారు. బెల్టు మీద బ్యాగులు వచ్చేసరికి ఒంటిగంటా పావు దాటుతుంది. ఆవకాయ డబ్బాలున్న పెట్టెలు ట్రాలీ మీద తోసుకుంటూ డిపార్చర్స్ గేటుకి వెళ్ళి, లైన్లో నిలబడేసరికి కౌంటర్ మూసే టైమ్ దగ్గరపడుతుంది. పాత షెడ్యూల్‌లో ఇంకో గంట మిగిలి ఉండేది. ఆ గంటే లేటుని మింగేది.

ఇలాంటి చోట నా సలహా ఒక్కటే. మార్చి చివరి వారంలో వెళ్తుంటే విశాఖ నుంచి చివరి ఫ్లైట్ తీసుకోకండి, సాయంత్రానికే శంషాబాద్‌లో ఉండేలా చూసుకోండి. కుర్చీల్లో నాలుగు గంటలు ఎక్కువ కూర్చోవడం ఇబ్బందే, కానీ టికెట్ పోగొట్టుకోవడం కంటే నయం.

తిరిగొచ్చేటప్పుడు కూడా ఇదేనా?

తిరిగొచ్చేటప్పుడు దెబ్బ అక్టోబరులో పడుతుంది. లండన్‌లో బయల్దేరే టైమ్ మధ్యాహ్నం 2:00 అనుకుందాం, ఎండాకాలమైనా చలికాలమైనా అదే. ఏడు గంటల ప్రయాణం. ఎండాకాలంలో దుబాయ్‌లో అర్ధరాత్రి 12:00కి దిగుతారు. అక్టోబరు 31 తర్వాత అదే ఫ్లైట్ ఒంటిగంటకి దిగుతుంది. హైదరాబాద్ ఫ్లైట్ 2:30కే ఉంటే రెండున్నర గంటల గ్యాప్ గంటన్నర అవుతుంది. దాన్ని 3:30కి జరిపితే హైదరాబాద్‌కి ఉదయం 7:30 బదులు 8:30కి వస్తారు. అప్పుడు 11 గంటల విశాఖ ఫ్లైట్‌కి మిగిలేది రెండున్నర గంటలు. ఇమిగ్రేషన్, బ్యాగులు, మళ్ళీ చెకిన్ అన్నీ అందులోనే.

బ్రిటన్ విజిటర్ వీసా మీద మామూలుగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు. మే నెలలో వెళ్ళి నవంబరు మొదట్లో తిరిగొచ్చేవాళ్ళకి రానూపోనూ టికెట్‌లో వెళ్ళేది సమ్మర్ షెడ్యూల్, వచ్చేది వింటర్ షెడ్యూల్. వెళ్ళేటప్పుడు అంతా సాఫీగా జరిగిందని, అదే టైమ్ లెక్కన విశాఖ ఫ్లైటు, రాయగడ రైలు బుక్ చేసేస్తారు. అక్కడే ఇరుక్కుంటారు.

తేదీ కూడా మారుతుందా?

మారొచ్చు. అన్నిటికంటే ఖరీదైన పొరపాటు ఇదే. హైదరాబాద్ నుంచి బయటి దేశాలకి చాలా ఫ్లైట్లు అర్ధరాత్రి దాటాక ఉంటాయి. 28వ తేదీ 00:40 ఫ్లైట్‌ని గంట ముందుకు జరిపితే అది 27వ తేదీ 23:40 అవుతుంది. జరిగింది గంటే, తారీఖు మాత్రం మారిపోయింది. మెసేజ్‌లో "గంట ముందు" అన్నది చూసి, "28 రాత్రే కదా" అనుకుంటూ ఇంట్లో కూర్చుంటే ఫ్లైట్ అంతకు ముందు రాత్రే ఎగిరిపోయి ఉంటుంది. 00:40 అంటే 27 రాత్రి భోంచేసి వెళ్ళి ఎక్కాల్సిన ఫ్లైట్ అని అసలే చాలామందికి తికమక. పైన ఈ మార్పు తోడైతే చెప్పక్కర్లేదు. మా దగ్గర ప్రింట్ ఇచ్చేటప్పుడు తేదీ పక్కన "శనివారం రాత్రి" అని పెన్నుతో రాసిస్తాం.

అమెరికా వెళ్ళేవాళ్ళకి ఏ వారాల్లో జాగ్రత్త కావాలి?

యూరప్ మీదుగా వెళ్తుంటే, రెండు చోట్లా గడియారం ఒకే రోజు మారదన్నది అసలు సంగతి. 2027లో మార్చి 14 నుంచి 27 దాకా అమెరికా మారిపోయి ఉంటుంది, యూరప్ మారి ఉండదు. అక్టోబరు 31 నుంచి నవంబరు 6 దాకా యూరప్ వెనక్కి వచ్చేసి ఉంటుంది, అమెరికా ఇంకా రాదు. ఈ రెండు ముక్కల్లోనూ యూరప్‌కీ అమెరికాకీ మధ్య తేడా మామూలుకంటే గంట తక్కువ.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉదయం 10:30కి ఎగిరి తొమ్మిదిన్నర గంటల్లో షికాగో చేరే ఫ్లైట్ అనుకోండి. మామూలు రోజుల్లో మధ్యాహ్నం 1:00కి దిగుతుంది. ఈ వారాల్లో, ఫ్రాంక్‌ఫర్ట్ టైమ్ కదపకపోతే, 2:00కి దిగుతుంది. షికాగో నుంచి అబ్బాయి ఉండే ఊరికి 3:30 ఫ్లైట్ ఉంటే రెండున్నర గంటల గ్యాప్ గంటన్నర అయిపోయింది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వెళ్ళినప్పుడు అమెరికాలో మొదట దిగిన ఎయిర్‌పోర్టులోనే ఇమిగ్రేషన్ లైన్ దాటాలి, బ్యాగులు తీసుకుని మళ్ళీ వెయ్యాలి. మొదటిసారి వెళ్ళే పెద్దవాళ్ళకి గంటన్నర నేనైతే బుక్ చెయ్యను, ఎయిర్‌లైన్ ఒప్పుకున్నా సరే.

అరిజోనాలో పిల్లలున్నవాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోవాలి. ఆ రాష్ట్రంలో ఎక్కువ భాగం గడియారం మార్చదు. డాలస్–ఫీనిక్స్ మధ్య చలికాలంలో గంట తేడా, ఎండాకాలంలో రెండు గంటలు.

అంతా ఒకే పీఎన్ఆర్‌లో ఉంటే ఈ బాధలు ఉండవా?

చాలావరకు ఉండవు. ఒకే టికెట్ మీద ఉన్న ఫ్లైట్ల మధ్య ఆ ఎయిర్‌పోర్టుకి నిర్ణయించిన కనీస గ్యాప్ కంటే తగ్గితే, ఎయిర్‌లైనే వేరే ఫ్లైట్ చూపించాలి. ఎయిర్‌లైన్ టైమ్ మార్చినప్పుడు మా సిస్టమ్‌లో ఆ ఫ్లైట్ పక్కన సీటు ఖరారైందని చెప్పే `HK` ఉన్నచోట `TK` అని వస్తుంది, అంటే కొత్త టైమ్‌తో సీటు ఉంది, ఒప్పుకోండి అని. `UN` వస్తే ఆ ఫ్లైటే లేదు. మేం కొత్త టైమ్ ఒప్పుకుని టికెట్ సరిచేయించాకే పని పూర్తయినట్టు.

అయితే కనీస గ్యాప్ అనేది చకచకా నడిచేవాళ్ళకి సరిపోయేది. మోకాళ్ళ నొప్పులతో వీల్‌చైర్ కోసం ఎదురుచూసే అమ్మగారికి అది చాలదు. సిస్టమ్ "ఓకే" అన్నంత మాత్రాన ఓకే కాదు, గ్యాప్ ఎంతో మీరు చూడండి. ఎయిర్‌లైనే టైమ్ మార్చినప్పుడు ఉచితంగా వేరే ఫ్లైట్‌కి మార్చమని అడిగే అవకాశం చాలాసార్లు ఉంటుంది. "ఒప్పుకున్నాం" అని నొక్కేశాక అడిగితే కష్టం.

గంట మార్చారని డబ్బు వాపసు అడగొచ్చా?

కేవలం గంటకైతే ఆశ పెట్టుకోకండి. అమెరికా రవాణా శాఖ 2024లో తెచ్చిన నియమంలో కూడా, అంతర్జాతీయ ప్రయాణంలో ఆరు గంటలో ఆపైనో ముందే బయల్దేరినా, ఆలస్యంగా చేరినా వాపసు అడిగే హక్కు ఉంది. గంట దాని దరిదాపుల్లో లేదు. ఫ్లైట్ మార్పించుకోవడమే దారి.

టికెట్ కొన్నాక మళ్ళీ ఎప్పుడు చూసుకోవాలి?

ఎయిర్‌లైన్లు దాదాపు ఏడాది ముందు నుంచే టికెట్లు అమ్ముతాయి. అప్పటికి తర్వాతి సీజన్ స్లాట్లు ఖరారై ఉండవు, పాత టైమ్‌లే పెట్టి అమ్ముతారు. అక్కర్లేని స్లాట్లు తిరిగి ఇచ్చేయడానికి గడువు సమ్మర్ సీజన్‌కి జనవరి 15, వింటర్‌కి ఆగస్టు 15. ఆ గడువుల తర్వాత షెడ్యూల్ కాస్త కుదురుకుంటుంది. అందుకని మార్చి చివర తర్వాత ప్రయాణమైతే ఫిబ్రవరి రెండో వారంలో ఒకసారి, అక్టోబరు చివర తర్వాతైతే సెప్టెంబరు రెండో వారంలో ఒకసారి టికెట్ తెరిచి చూడండి. విశాఖ ఫ్లైట్ విడిగా కొంటుంటే దీని తర్వాతే కొనడం మంచిది. ప్రయాణానికి మూడు రోజుల ముందు మళ్ళీ ఒకసారి.

చూడటమంటే వాట్సాప్‌లో ఉన్న పాత పీడీఎఫ్ తెరవడం కాదు. అది కొన్న రోజు ఫొటో లాంటిది, ఎన్నాళ్ళయినా అదే టైమ్ చూపిస్తుంది. ఎయిర్‌లైన్ సైట్‌లో `Manage Booking` లేదా `My Trips`లో పీఎన్ఆర్, ఇంటిపేరు కొట్టి చూడాలి. టికెట్ అమెరికాలో అబ్బాయి కొని ఉంటే మార్పు మెయిల్ అతనికే వెళ్తుంది, అతను ఆఫీసు పనిలో చూసుకోడు. మేం కొంటే మా మెయిల్‌కి వస్తుంది. బుకింగ్‌లో మీ మొబైల్ నంబరు కూడా ఉందో లేదో అడగండి.

లెక్క సరిగ్గా ఉందో లేదో నేనే ఎలా చూసుకోవాలి?

అన్నిటినీ మన టైమ్‌లోకి మార్చండి. మన గడియారం ఎప్పుడూ మారదు కాబట్టి ఇదే తేలిక. పై ఉదాహరణలో దుబాయ్ 7:30 మనకి ఉదయం 9:00. ఎండాకాలపు లండన్ 12:00 మనకి సాయంత్రం 4:30. మధ్యలో ఏడున్నర గంటలు. టికెట్ మీద ఆ ఫ్లైట్ ప్రయాణ సమయం ఏడున్నర అనే ఉండాలి. సరిగ్గా గంట తేడా వస్తే ఎక్కడో చలికాలపు తేడా వేశారు, లేదా రెండు టైమ్‌లలో ఒకటి పాతది.

గడియారం మారే రాత్రి ఎయిర్‌పోర్టులోనే ఉంటే?

షికాగోలో శనివారం రాత్రి 10:00కి దిగి, ఆదివారం ఉదయం 6:00కి ఇంకో ఫ్లైట్ ఉందనుకోండి. వేళ్ళ మీద లెక్కేస్తే ఎనిమిది గంటలు. మార్చి 13 రాత్రైతే నిజానికి ఏడే, ఎందుకంటే 2:00 తర్వాత నేరుగా 3:00 అవుతుంది. నవంబరు 6 రాత్రైతే తొమ్మిది, ఒంటిగంట నుంచి రెండు దాకా ఉన్న గంట రెండుసార్లు వస్తుంది. హోటల్లో పడుకుంటే మంచం పక్కనున్న గడియారాన్ని నమ్మకండి, దాన్ని ఎవరూ మార్చి ఉండకపోవచ్చు. రిసెప్షన్‌లో చెప్పి ఫోన్ చేసి లేపమనండి.

ఫోన్ తనంతట తానే మార్చుకుంటుంది కదా?

అక్కడి నెట్‌వర్క్ దొరికితే మార్చుకుంటుంది. రోమింగ్ లేకుండా, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచిన ఫోన్ మాత్రం మన టైమ్‌లోనే ఉండిపోవచ్చు. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆపేసి ఉన్నా అంతే. దిగగానే ఎయిర్‌పోర్టు బోర్డు మీదున్న టైమ్‌తో పోల్చి చూడండి. చేతి గడియారం మన టైమ్‌లో ఉంచుకునేవాళ్ళు అలాగే ఉంచుకోండి, గేటుకి వెళ్ళే టైమ్ మాత్రం బోర్డు చూసే తేల్చుకోండి.

ఆస్ట్రేలియా వెళ్తున్నాం. మాకూ ఇదేనా?

అక్కడ రుతువులు తిరగబడతాయి. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో అక్టోబరు మొదటి ఆదివారం గంట ముందుకు, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి. మనకంటే నాలుగున్నర లేదా ఐదున్నర గంటలు ముందుంటాయి. బ్రిస్బేన్, పెర్త్ మార్చవు. సింగపూర్ మీదుగా వెళ్తే అక్కడి గ్యాప్ చూడండి, మిగతా లెక్కంతా పైన చెప్పినట్టే.

రాయగడ రైలు టికెట్ ఎప్పుడు తీసుకోవాలి?

వెళ్ళేటప్పుడు ఎప్పుడైనా తీసుకోవచ్చు, రైలు ముందే విశాఖ చేర్చేది ఎంచుకుంటే చాలు. వచ్చేటప్పుడు మాత్రం, అక్టోబరు చివరి ఆదివారం దాటితే, అంతర్జాతీయ ఫ్లైట్ కొత్త టైమ్ చూసి, దాన్నిబట్టి విశాఖ ఫ్లైట్ ఖరారు చేసుకుని, ఆ తర్వాతే రైలు. ముందే బెర్తు దొరకదేమోనని భయముంటే మర్నాటి రైలుకి తీసుకుని, ఆ రాత్రి విశాఖలో బంధువుల ఇంట్లో ఆగండి.